మూడు బీకర్లు, మూడు లవణాలు: pH ఎక్కడి నుంచి వస్తుంది?

బల్ల మీద మూడు బీకర్లు. ఒకదాంట్లో అమ్మోనియం క్లోరైడ్, ఇంకోదాంట్లో సోడియం అసిటేట్, మూడోదాంట్లో సోడియం క్లోరైడ్. మూడూ తెల్లటి పొడులే. నీళ్లలో కలిపాక మూడూ నీళ్లలాగే ఉంటాయి. మూడింటి గాఢతా 0.1 మోలార్. లేబుళ్లు అంటించడం మాత్రం మర్చిపోయాను. డిగ్రీలో ఉండగా నేను చేసిన పని ఇది.

పెద్దగా టెన్షన్ పడలేదు. ఒకటి ఆమ్లం, ఒకటి క్షారం, ఒకటి తటస్థం అని పుస్తకంలో చదివే ఉన్నాను కదా, pH పేపర్ ముంచితే తేలిపోతుంది అనుకున్నాను. ముంచాను. ఒక ముక్క ఆకుపచ్చ దాటి నీలం వైపు తిరిగింది. అది సోడియం అసిటేట్, సందేహం లేదు. మిగతా రెండు ముక్కలూ పసుపు రంగులోకే వచ్చాయి. పక్కపక్కన పెట్టి ఎంతసేపు చూసినా ఏది ఏదో చెప్పలేకపోయాను. తటస్థంగా ఉండాల్సిన ఉప్పునీళ్లు కూడా ఆమ్లంలాగే కనిపిస్తున్నాయి.

ఆ రెండు పసుపు ముక్కల దగ్గరికి మళ్లీ వస్తాను. వాటి గుట్టు విప్పాలంటే ముందు లవణం నీళ్లలో ఏం చేస్తుందో తెలియాలి.

మనందరం బట్టీ పట్టిన సూత్రం ఒకటుంది. బలమైన ఆమ్లం, బలహీన క్షారం కలిసి ఏర్పడిన లవణం ఆమ్ల గుణం చూపిస్తుంది. బలహీన ఆమ్లం, బలమైన క్షారం కలిస్తే క్షార గుణం. రెండూ బలమైనవైతే తటస్థం. ఈ సూత్రంతో మూడు బీకర్లకూ సరైన జవాబే వస్తుంది. ఇబ్బందల్లా దాని వెనక మనం ఊహించుకునే కథతోనే. ఎవరు బలవంతులైతే వాళ్లదే పైచేయి అన్నట్టు, అమ్మోనియం క్లోరైడ్‌లో హైడ్రోక్లోరిక్ ఆమ్లం గెలిచిందని, అందుకే ద్రావణం ఆమ్లమైందని అనుకుంటాం. కొన్ని పాత పుస్తకాల్లో ఈ లవణం నీళ్లతో కలిసి మళ్లీ అమ్మోనియం హైడ్రాక్సైడ్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం అవుతుందని సమీకరణం కూడా ఉండేది. నాకైతే ఆ సమీకరణం చేసిన మేలు కన్నా చెరుపే ఎక్కువ అనిపిస్తుంది. ఎందుకంటే ఆ బీకర్‌లో హైడ్రోక్లోరిక్ ఆమ్లం అణువు ఒక్కటీ ఉండదు. ‘బలవంతుడి’ తాలూకు క్లోరైడ్ అయాన్ అక్కడ ఏమీ చేయదు. pH మార్చేది బలహీనుడి తాలూకు అయానే.

నీళ్లలో పడగానే ఈ మూడు లవణాలూ పూర్తిగా అయాన్లుగా విడిపోతాయి. కాబట్టి ఇక లవణం పేరు మర్చిపోయి, బీకర్‌లో ఉన్న అయాన్లను ఒక్కొక్కటిగా తీసుకుని ఒకే ప్రశ్న అడగాలి: ఇది నీటికి ప్రోటాన్ ఇవ్వగలదా, లేక నీటి దగ్గర నుంచి ప్రోటాన్ లాక్కోగలదా?

మూడు లవణాల్లో కలిపి అయాన్లు నాలుగే. క్లోరైడ్‌ను చూద్దాం. హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని నీళ్లలో వేస్తే తన ప్రోటాన్లన్నీ నీటికి ఇచ్చేస్తుంది. ఆమ్లం అంత తేలిగ్గా వదిలేసిందంటే, మిగిలిన క్లోరైడ్‌కు ప్రోటాన్ మీద ఆశ లేదనే అర్థం. నీటి అణువు దగ్గర ఉన్నదాన్ని అది లాక్కోదు. సోడియం అయాన్ కూడా అంతే. తన చుట్టూ నీటి అణువులను చేర్చుకుంటుంది కానీ, వాటి నుంచి ప్రోటాన్ ఊడిపోయేంతగా లాగలేదు. అలాగని లోహ అయాన్లన్నీ ఇలాగే ఉంటాయని అనుకోకూడదు. అల్యూమినియం అయాన్ చిన్నది, దాని మీద ఆవేశం మూడు. చుట్టూ చేరిన నీటిని అది గట్టిగా లాగుతుంది. 0.1 మోలార్ అల్యూమినియం క్లోరైడ్ ద్రావణం pH సుమారు 3 దాకా దిగిపోతుంది. సోడియం లాంటి ఒంటి ఆవేశం వాటితో ఆ గొడవ లేదు.

మిగిలినవి అమ్మోనియం, అసిటేట్. పని చేసేవి ఈ రెండే.

NH₄⁺ + H₂O ⇌ NH₃ + H₃O⁺

CH₃COO⁻ + H₂O ⇌ CH₃COOH + OH⁻

అమ్మోనియా బలహీన క్షారం. అంటే తీసుకున్న ప్రోటాన్‌ను అంత గట్టిగా పట్టుకోలేదు. అందుకే అమ్మోనియం అయాన్ల నుంచి అప్పుడప్పుడు ఒకటి జారి నీటికి చేరుతుంది, ద్రావణం ఆమ్లం వైపు మొగ్గుతుంది. ఎసిటిక్ ఆమ్లం బలహీన ఆమ్లం, అంటే ప్రోటాన్‌ను పూర్తిగా వదిలిపెట్టదు. అందుకే ప్రోటాన్ పోగొట్టుకున్న అసిటేట్, వీలున్న చోట నీటి నుంచే దాన్ని తీసుకుంటుంది. నీటిలో హైడ్రాక్సైడ్ మిగులుతుంది, ద్రావణం క్షారం వైపు వెళ్తుంది.

ఇక్కడ చాలామంది కాలు జారే చోటు ఒకటుంది. ‘బలహీన ఆమ్లం నుంచి వచ్చిన క్షారం బలమైనది’ అని ఎవరో చెబుతారు, మనం రాసుకుంటాం. అది తప్పు. అసిటేట్ కూడా బలహీన క్షారమే, అందులోనూ బాగా బలహీనం. క్లోరైడ్‌తో పోలిస్తే మెరుగు, అంతే. ఎంత బలహీనమో లెక్కలో కనిపిస్తుంది.

25 డిగ్రీల సెల్సియస్ దగ్గర అమ్మోనియా క్షార స్థిరాంకం Kb విలువ 1.8 × 10⁻⁵. మనకు కావాల్సింది అమ్మోనియా బలం కాదు, అమ్మోనియం బలం. అమ్మోనియం, అమ్మోనియా లాంటి ఒక జంటలో ఆమ్ల స్థిరాంకం Kaనూ దాని క్షారం Kbనూ గుణిస్తే ఎప్పుడూ నీటి అయానిక లబ్ధమే వస్తుంది, అది 1.0 × 10⁻¹⁴. అంటే అమ్మోనియం Ka:

Ka = 10⁻¹⁴ ÷ (1.8 × 10⁻⁵) = 5.6 × 10⁻¹⁰

పరీక్షల్లో మార్కులు పోయేది సాధారణంగా ఈ మెట్టు దగ్గరే. ఇచ్చిన 1.8 × 10⁻⁵నే నేరుగా సూత్రంలో వేసేస్తారు. అలా వేస్తే pH 2.9 వస్తుంది. అది 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లానికి వచ్చే విలువ. ఒక లవణం ద్రావణం అంత ఆమ్లంగా ఉందని జవాబు వస్తే, ముందు ఈ భాగహారం చేశామో లేదో చూసుకోవాలి.

ఇప్పుడు అమ్మోనియం అయాన్లలో లీటరుకు x మోల్‌లు ప్రోటాన్ వదిలాయనుకుందాం. అప్పుడు x మోల్‌ల అమ్మోనియా, x మోల్‌ల హైడ్రోజన్ అయాన్లు వస్తాయి. అమ్మోనియం 0.1 నుంచి x తగ్గుతుంది. అయితే x చాలా చిన్నది కాబట్టి తగ్గినా 0.1 అనే అనుకోవచ్చు.

x² ÷ 0.1 = 5.6 × 10⁻¹⁰

x = √(5.6 × 10⁻¹¹) = 7.5 × 10⁻⁶

pH = 5.13

‘x చాలా చిన్నది’ అన్నాం కదా, అది నిజమేనా అని వెనక్కి తిరిగి చూడాలి. 0.1లో 7.5 × 10⁻⁶ అంటే లక్ష అమ్మోనియం అయాన్లలో ఏడో ఎనిమిదో మాత్రమే ప్రోటాన్ వదిలాయి. మిగతావన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. 0.1 నుంచి తీసేసినా తేడా తెలియదు, కాబట్టి మన ఊహ నిలబడింది. లక్షలో ఏడెనిమిది మారితేనే, స్వచ్ఛమైన నీటితో పోలిస్తే హైడ్రోజన్ అయాన్లు 75 రెట్లు అయ్యాయి. నీటిలో అవి మొదట ఎంత తక్కువగా ఉంటాయో దీన్నిబట్టి తెలుస్తుంది.

సోడియం అసిటేట్‌కు కొత్త లెక్క అక్కర్లేదు. ఎసిటిక్ ఆమ్లం Ka కూడా 1.8 × 10⁻⁵. అమ్మోనియా Kb, ఎసిటిక్ ఆమ్లం Ka ఇలా దాదాపు సమానంగా ఉండటం వెనక సిద్ధాంతమేమీ లేదు, కేవలం కాకతాళీయం. కానీ మన పని సగానికి సగం తగ్గిస్తుంది. అసిటేట్ Kb కూడా 5.6 × 10⁻¹⁰. ఈసారి x అంటే హైడ్రాక్సైడ్, దాని గాఢత 7.5 × 10⁻⁶, pOH 5.13. 14లోంచి తీసేస్తే pH 8.87. ఒకటి 7కు 1.87 కింద, ఇంకొకటి 7కు 1.87 పైన. అసిటేట్ దగ్గర జరిగే పొరపాటు ఒక్కటే. వచ్చిన 5.13నే pH అని రాసేసి, క్షారమని చెప్పిన ద్రావణానికి ఆమ్లం pH ఇచ్చేయడం.

ఈ రెండు ద్రావణాలనూ సమానంగా కలిపేస్తే ఏమవుతుంది? అమ్మోనియం ప్రోటాన్ ఇస్తుంది, అసిటేట్ తీసుకుంటుంది, రెండిటి శక్తీ సమానం కాబట్టి pH 7 దగ్గరే ఉంటుంది. కానీ లోపల ఊరికే ఏమీ లేదు. ఇచ్చేవాడికి పుచ్చుకునేవాడు ఎదురుగానే ఉండటంతో ఇప్పుడు లక్షలో దాదాపు 550 అయాన్లు మారి ఉంటాయి. విడిగా ఉన్నప్పటికన్నా ఇది 70 రెట్లకు పైమాటే. సోడియం క్లోరైడ్ తటస్థంగా ఉండేది ఏమీ జరగక. ఇది తటస్థంగా ఉండేది రెండు వైపులా సమానంగా జరిగి. pH మీటర్‌కు ఈ తేడా తెలియదు.

గాఢత మారితే pH ఎంత మారుతుందో కాలిక్యులేటర్ లేకుండానే చెప్పొచ్చు. xలో గాఢతకు వర్గమూలం ఉంది. కాబట్టి ద్రావణాన్ని పది రెట్లు పలుచన చేస్తే pH ఒకటి కాదు, సగం మాత్రమే 7 వైపు జరుగుతుంది. అమ్మోనియం క్లోరైడ్ 0.1 మోలార్ దగ్గర 5.13 అయితే 0.01 దగ్గర 5.63. అసిటేట్ 8.87 నుంచి 8.37కి దిగుతుంది. తూకంలో చిన్న పొరపాటు జరిగినా అందుకే పెద్దగా తెలియదు. సోడియం అసిటేట్ రెండు రకాల్లో దొరుకుతుంది. నీరు లేనిదాని మోలార్ ద్రవ్యరాశి 82, మూడు నీటి అణువులున్న స్ఫటికాలది 136. 100 మిల్లీలీటర్లకు మొదటిది 0.82 గ్రాములు కావాలి, రెండోది 1.36 గ్రాములు. సీసా సరిగా చూసుకోకుండా స్ఫటికాలను 0.82 గ్రాములే తూచినా గాఢత 0.06కి పడిపోతుంది కానీ pH 8.87 బదులు 8.76 అవుతుంది. పేపర్ మీద ఆ తేడా పట్టుకోవడం అసాధ్యం.

కానీ ఈ ‘పది రెట్లకు సగం’ అన్న లెక్కను పట్టుకుని పోతూనే ఉంటే ఒకచోట అది బోల్తా కొట్టిస్తుంది. అమ్మోనియం క్లోరైడ్‌ను 10⁻⁵ మోలార్ దాకా పలుచన చేశామనుకోండి. సూత్రం ప్రకారం x విలువ 7.5 × 10⁻⁸, pH 7.13. అంటే అమ్మోనియం క్లోరైడ్ క్షారమైపోయిందన్నమాట! ఆమ్లాన్ని ఎంత పలుచన చేసినా క్షారం కాదు. జరిగిందేమిటంటే, నీరు తనంతట తాను ఇచ్చే హైడ్రోజన్ అయాన్లను మనం లెక్కలో వదిలేశాం. గాఢత ఎక్కువున్నప్పుడు వాటిని పట్టించుకోనక్కర్లేదు, ఇక్కడ అవే ఎక్కువ. లవణం గాఢతను C అనుకుని, నీటి వాటాను వర్గమూలం లోపల కలిపితే సరిపోతుంది.

[H⁺] = √(Ka × C + 10⁻¹⁴) = √(5.6 × 10⁻¹⁵ + 10⁻¹⁴) = 1.25 × 10⁻⁷

pH 6.90. తటస్థానికి కొద్దిగా ఇవతల, ఉండాల్సిన చోటే ఉంది. ఇదే సూత్రంలో Ka సున్నా అనుకుంటే సోడియం క్లోరైడ్ కేసు వస్తుంది. గాఢత ఎంతైనా కానీ pH 7. అది కూడా 25 డిగ్రీల దగ్గరే. 50 డిగ్రీలకు వేడి చేస్తే నీరు ఎక్కువగా అయాన్లవుతుంది, అప్పుడు తటస్థ pH 6.63. మీటర్ 7 కన్నా తక్కువ చూపించినా ఆ ఉప్పునీళ్లు ఆమ్లం కావు, హైడ్రోజన్, హైడ్రాక్సైడ్ అయాన్లు సమానంగానే ఉన్నాయి.

ఇక నా పసుపు ముక్కలు.

లెక్క ప్రకారం సోడియం క్లోరైడ్ 7 చూపించాలి. నేను వాడింది మూత తీసి ఉన్న డబ్బాలోని డిస్టిల్డ్ వాటర్. గాలి తగిలిన నీటిలో కార్బన్ డయాక్సైడ్ కరుగుతుంది. దాని గాఢత లీటరుకు 1.3 × 10⁻⁵ మోల్ ప్రాంతంలో ఉంటుంది, వినడానికి ఏమీ లేనట్టే. కానీ అది నీటితో కలిసి కార్బోనిక్ ఆమ్లమవుతుంది, దాంతో నీటి pH 5.6కి దిగుతుంది. ఉప్పు ఈ ఆమ్లాన్ని అడ్డుకోదు, దానికి ఆ శక్తి లేదు. కాబట్టి నా ‘తటస్థ’ బీకర్ 5.6, అమ్మోనియం క్లోరైడ్ బీకర్ 5.1. పేపర్ మీద రెండూ పసుపు. పుస్తకం తప్పు కాదు, పేపరూ తప్పు చెప్పలేదు. నేను చూసింది ఉప్పు pH కాదు, నీటి pH.

మూడు బీకర్లలోకీ ఇదే నీరు వెళ్లింది కదా, మిగతా రెండిటి మీదా ప్రభావం ఉండాలి కదా అనిపిస్తుంది. అమ్మోనియం క్లోరైడ్ దగ్గర అది దాదాపు కనపడదు. లెక్క వేస్తే 5.13 కాస్తా 5.10 అవుతుంది. అమ్మోనియం తానిచ్చిన ఆమ్లం ముందు కార్బన్ డయాక్సైడ్ వాటా చిన్నది. దెబ్బ తినేది అసిటేటే. అక్కడ పోగైన హైడ్రాక్సైడ్ 7.5 × 10⁻⁶ మాత్రమే, కరిగిన కార్బన్ డయాక్సైడ్ దానికన్నా ఎక్కువ. ఆ నీటితో కలిపిన వెంటనే చూస్తే 8.87 బదులు 8.5 దగ్గర ఉంటుంది. మూత లేకుండా వదిలేస్తే గాలి నుంచి ఇంకా లాక్కుంటూ మెల్లగా 7.5 వైపు దిగుతుంది. ఫినాఫ్తలీన్ చుక్క వేస్తే తాజా ద్రావణంలో కనిపించే లేత గులాబీ రంగు నిలవ ద్రావణంలో కనపడకపోవడానికి ఇదే కారణం. ఆ సూచిక సుమారు 8.3 దాటితేనే రంగు చూపిస్తుంది.

సరైన పద్ధతి ఏమిటంటే, ముందు డిస్టిల్డ్ వాటర్‌ను కొన్ని నిమిషాలు మరిగించి, మూత పెట్టి చల్లార్చి, ఆ తర్వాత లవణాలు కలపాలి. మరిగించేది నీటిని మాత్రమే. తొందరలో అమ్మోనియం క్లోరైడ్ ద్రావణాన్నే మరిగిస్తే ఆవిరితో పాటు అమ్మోనియా కొంచెం కొంచెంగా బయటికి పోతుంది, ఆమ్లం వెనక మిగిలిపోతుంది, pH ఇంకా పడిపోతుంది. మరిగించిన నీటిలోనైనా సోడియం క్లోరైడ్ 7.00 చూపిస్తుందని పందెం కాయొద్దు. ద్రావణం బీకర్‌లో పోస్తుండగానే కాస్త గాలి కలుస్తుంది. అలాగే మిగతా రెండిటి విషయంలో రెండో దశాంశం మీద మరీ నమ్మకం పెట్టుకోకూడదు. 0.1 మోలార్ దగ్గర అయాన్లు ఒకదాన్నొకటి ప్రభావితం చేయడం వల్ల మీటర్ రీడింగ్ మన లెక్క నుంచి 0.1 దాకా అటూ ఇటూ కావచ్చు. 5.1, 8.9 అని చెబితే చాలు.

నాకప్పుడు నీళ్లు మరిగించే తీరిక లేదు. మా ల్యాబ్ మేడమ్ వచ్చి రెండు బీకర్లనూ చూసి, ‘పేపర్ పక్కన పెట్టి ఒక మిల్లీలీటర్ పలుచని సోడియం హైడ్రాక్సైడ్ వెయ్యి నాయనా’ అన్నారు. రెండిట్లోనూ ద్రావణం 100 మిల్లీలీటర్లు ఉంది. 0.01 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ ఒక్కో మిల్లీలీటర్ వేశాను. అంటే లీటరుకు 10⁻⁴ మోల్ లెక్కన హైడ్రాక్సైడ్ చేరింది. ఒక బీకర్‌లో పేపర్ పసుపు నుంచి ముదురు నీలానికి ఎగిరింది, pH 10కి దగ్గర. అందులో ఆ హైడ్రాక్సైడ్‌ను పట్టుకునేవి కరిగిన ఆ కాస్త కార్బన్ డయాక్సైడ్ అణువులే, అవి వెంటనే అయిపోయాయి. రెండో బీకర్‌లో పేపర్ ఇంకా పసుపు ఛాయలోనే ఉంది. అక్కడ లక్షలో ఏడెనిమిది పోగా మిగిలిన అమ్మోనియం అంతా కాచుకుని ఉంది. వచ్చిన ప్రతి హైడ్రాక్సైడ్‌కూ ఒక ప్రోటాన్ ఇచ్చి నీరు చేసేసింది. ఆ బీకర్‌లో అమ్మోనియా 10⁻⁴, అమ్మోనియం 0.1, రెండిటి నిష్పత్తి వెయ్యికి ఒకటి. అమ్మోనియం Kaకు రుణ లాగరిథమ్, అంటే pKa, 9.25. వెయ్యికి లాగరిథమ్ 3. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే pH 6.25.

5.1కీ 5.6కీ మధ్య తేడా చెప్పలేకపోయిన పేపరే 6.25కీ 10కీ మధ్య తేడాను రెండు సెకన్లలో చెప్పింది. మూడు బీకర్లకూ లేబుళ్లు అంటించాను.